కపిలతీర్థం నుంచి మోకాళ్ళ మెట్టు దాకా

సోమవారం

కార్తీక సోమవారం. తెల్లవారక ముందే కపిలతీర్థం రోడ్డు నిండిపోయింది. రెండు రోజులుగా కొండల్లో వాన పడుతూ ఉండడంతో గుడి వెనక బండ మీద నుంచి నీళ్ళు ఎర్రగా, చప్పుడు చేసుకుంటూ పుష్కరిణిలోకి దూకుతున్నాయి. ఎండాకాలంలో ఇక్కడికొచ్చి, నల్లటి రాయి తప్ప ఏమీ కనబడక వెనక్కిపోయే యాత్రికుల్ని చాలామందిని చూశాను. తిరుపతిలో ఈ జలపాతం చూడాలంటే ఇదే కాలం.

రోజూ ఈ దారినే నడుస్తాను. ఇల్లు కొర్లగుంటలో. కపిలతీర్థం దాకా వచ్చి, ఓపికుంటే అలిపిరి గరుడ బొమ్మ దాకా పోయి వెనక్కి తిరగడం అలవాటు. ఒకామె కూడా రోజూ ఇదే దారిలో వస్తుంది. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. చాలా నెలలుగా "నమస్తే సార్", "నమస్తే అమ్మా" తప్ప మా మధ్య మాటల్లేవు. ఆర్టీసీలో ఘాట్ రోడ్డు డ్రైవరుగా చేసి రిటైరయ్యానని ఆమెకు తెలుసు. భర్త ప్రభుత్వాఫీసులో పనిచేస్తూ పోయాడని నాకు తెలుసు. అంతవరకే.

ఇవాళ జనం ఎక్కువై ఇద్దరం గుడి ముందర ఆగిపోయాం. పుష్కరిణి మెట్ల మీద ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. కొత్తగా పెళ్ళయినట్టున్న ఒక అమ్మాయి పళ్ళెంలో పసుపు, కుంకుమ, తాంబూలం పెట్టుకుని వరసగా ముత్తైదువులకు ఇస్తూ వచ్చింది. ఆమె ముందుకు వచ్చేసరికి నుదురు చూసింది. చెయ్యి సగంలో ఆగింది. పక్కనున్నావిడకు ఇచ్చి ముందుకు కదిలింది. ఆ అమ్మాయిలో పొగరేమీ లేదు, భయమే ఉంది. ఆమె మాత్రం అలవాటైన పనిలాగా ఒక అడుగు వెనక్కి వేసి మండపం స్తంభం పక్కకు జరిగింది.

నేను చూశానని ఆమెకు తెలిసింది. తల తిప్పుకుంటే బాగుండదనిపించి దగ్గరికి పోయాను.

"ఈ రద్దీలో నడవలేం. రేపు యూనివర్సిటీ పక్కకు పోదామా అమ్మా? చెట్లుంటాయి, నీడ."

"పోదాం సార్," అంది. "ఈ మాసమంతా ఇటు రాకపోతేనే నాకూ బాగుంటాది."

మంగళవారం

శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టారు. ఆ రోజుల్లో నాటిన చెట్లో ఆ తర్వాతివో గానీ, ప్రాంగణంలో రోడ్లకు రెండు పక్కలా పెద్ద మానులున్నాయి. వెనకాల శేషాచలం గోడలా నిలబడి ఉంటుంది. పొద్దున ఇక్కడ నడిచేవాళ్ళలో సగం మంది రిటైరయినవాళ్ళే. ఒకరి షుగరు ఒకరికి తెలుసు.

మేమూ అవే మాట్లాడుకున్నాం. మోకాళ్ళు, బీపీ మాత్రలు, మా అమ్మాయి చెన్నైలో ఉండడం, ఆమె కొడుకు, కోడలు, మనవరాలు. ఎవరి బాధా ఎవరి మీదా పడకుండా మాట్లాడే తీరు ఒకటుంటుంది కదా, అదే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక మాటడిగింది.

"మేడం పోయి ఏడాదయిందా సార్?"

"పోయిన వారమే సంవత్సరీకం చేసినాం."

"అయితే ఇంక కొండెక్కచ్చు మీరు."

ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొండ మీది గుడికి పోకూడదంటారు మావైపు. ఉద్యోగమంతా ఆ కొండకు బస్సు తోలినవాణ్ణి, ఏడాదిగా కింద నుంచి చూస్తున్నాను. నడిచి ఎక్కింది మాత్రం ఒక్కసారీ లేదు. ఆ మాట ఆమెతో అంటే నమ్మలేదు.

బుధవారం

బయల్దేరిన పావుగంటకే వాన పట్టుకుంది. టీ కొట్టు రేకుల కింద నిలబడ్డాం. కొట్టతను రెండు గ్లాసులు ఇచ్చి లోపలికి పోయాడు. నడుస్తున్నప్పుడు దారి మీద చూపుంటుంది, మాట తప్పించుకోవచ్చు. నిలబడితే అట్లా కుదరదు.

"బుధవారం కదా," అన్నాను. "సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్."

"ఎన్నేండ్లు?"

"నాలుగు."

తర్వాత ఎందుకో ఆగలేదు. ఎవరికీ చెప్పనివి చెప్పుకుంటూ పోయాను.

మూత్రపిండాలు పనిచెయ్యనప్పుడు తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. ఒంట్లోనే ఉంటాయి. కాళ్ళు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరి పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకే నీళ్ళకు లెక్క. ముందు రోజు ఎంత మూత్రం వచ్చిందో అంత, దాని మీద ఒక అర లీటరు, రోజుకు అంతే అన్నారు మాకు. అందులోనే కాఫీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే నీళ్ళు. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టేవాణ్ణి. చిన్న స్టీలు గ్లాసుతో పోసి ఇచ్చేవాణ్ణి. తిరుపతి ఎండల్లో, మే నెలలో, మా ఆవిడ ఆ సీసా వైపు చూసే చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. డయాలసిస్‌కు ముందు బరువు చూస్తారు. రెండు కిలోలకు మించి పెరిగితే నర్సమ్మ నా వైపు చూసేది, మా ఆవిడ వైపు కాదు.

కొబ్బరి నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది రక్తంలో బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కూరగాయలు కోసి, నీళ్ళల్లో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ తాలింపు పెట్టేవాణ్ణి. రుచి ఉండదు. తినేది, నా కోసం.

ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. రక్తనాళాలు రెంటిని కలిపి కుట్టే చిన్న ఆపరేషన్. సూదులు అక్కడే గుచ్చుతారు. అది పనిచేస్తూ ఉంటే పైన వేలు పెడితే లోపల గిరగిరమని అదురుతుంది. బస్సు నిలబెట్టి ఇంజను ఆపకుండా గేరు రాడ్డు మీద చెయ్యి పెడితే వచ్చే అదురు, సరిగ్గా అదే. అది ఆగిందంటే గడ్డ కట్టినట్టు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. రోజూ నిద్ర లేస్తూనే మా ఆవిడ చెయ్యి పట్టుకుని చూసేవాణ్ణి. చూసినవాళ్ళు ప్రేమ అనుకునేవాళ్ళు. ప్రేమ కూడా ఉంది. ముందు భయం.

"ఆదివారం రాత్రి నిద్ర పట్టేది కాదమ్మా. శుక్రవారం చేసింది మళ్ళీ సోమవారమే. మధ్యలో రెండు రోజులు ఖాళీ. వారంలో అదే ప్రమాదమైన రాత్రి అని డాక్టరు చెప్పినాడు. అట్లాంటి సోమవారం తెల్లవారుజామునే పోయింది. చెయ్యి పట్టుకుంటే అదురు లేదు."

ఆమె ఏమీ అనలేదు. వాన రేకుల మీద గట్టిగా కొడుతోంది.

"కార్యక్రమాలన్నీ అయినాక, అమ్మాయి చెన్నైకి పోయినాక, ఆ రాత్రి పడుకున్నా. తెల్లారి ఎనిమిదికి మెలకువ వచ్చింది. నాలుగేండ్లలో అంత నిద్ర పోలేదు. లేచి కూర్చుని, ఇంక నీళ్ళు కొలవక్కర్లేదు అనుకున్నా. హాయిగా అనిపించింది. మా ఆవిడ చచ్చిపోతే నాకు హాయిగా అనిపించిందమ్మా. ఈ మాట మా అమ్మాయికి చెప్పలేను, ఎవరికీ చెప్పలేను."

అయ్యో, అట్లా అనుకోకండి అంటుందేమో అనుకున్నాను. అట్లా అనుంటే ఇంకెప్పుడూ నోరు విప్పేవాణ్ణి కాదేమో. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ స్టీలు గ్లాసు ఏం చేసినారు సార్?"

"ఉండాది. దాంట్లోనే కాఫీ తాగుతా."

"నిండా పోసుకుని తాగండి," అంది.

గురువారం

వాన లేదు. అలిపిరి దాకా పోయాం. పాదాల మండపం దగ్గర యాత్రికులు స్వామి పాదాలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. కొంచెం పైన తలయేరు గుండు ఉంది. దానికి తల ఆనిస్తే తలనొప్పి పోతుందని నమ్మకం. ఆమె అక్కడ కూర్చుంది.

"నిన్న మీరు చెప్పినారు. ఇవాళ నేను చెప్తా," అంది. ముందుగానే అనుకుని వచ్చినట్టుంది.

ఆమె భర్త ఆఫీసులోనే కుర్చీలో కూలిపోయాడు. గుండెపోటు. ఇంటికి మనిషి రాలేదు, ఫోను వచ్చింది.

"మీకు నాలుగేండ్లు, నాకు నాలుగు నిమిషాలు కూడా లేదు. ఏం అడగాలన్నా మనిషి లేడు. ముగ్గురు స్నేహితులకు అప్పులకి జామీను ఉన్నాడని నాకు పదకొండో రోజు తెలిసింది. వచ్చిన గ్రాట్యుటీలో సగం దానికే పాయె."

తర్వాత అసలు విషయానికి వచ్చింది. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారు. భార్యకు ఇవ్వొచ్చు, కొడుకుకో కూతురికో ఇవ్వొచ్చు. ఎవరైనా ఒక్కరికే. తక్కినవాళ్ళు తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. అప్పటికి ఆమెకు నలభై అయిదు. పెళ్ళయినాక ప్రైవేటుగా ఫీజు కట్టి బి.ఏ. పాసయింది. జూనియర్ అసిస్టెంటుకు ఆ చదువు చాలు. కొడుకు అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం.

"మా బావగారు, మా అన్న, అందరూ కూర్చున్నారు. ఈ వయసులో ఆడమనిషి ఆఫీసుకు పోయేదేంది, పిల్లోడి జీవితం నిలబడాల కదా అన్నారు. తప్పు మాట కాదు సార్ అది. నేనూ తల ఊపినా. కాగితం ముందర పెడితే సంతకం చేసినా. కానీ..."

ఆగింది. కింద మెట్ల మీద ఒక కుటుంబం గోవిందా గోవిందా అంటూ బయల్దేరింది. వాళ్ళు దాటేదాకా ఊరుకుంది.

"కానీ నాకు ఆ ఉద్యోగం కావాలనిపించింది. పొద్దున్నే చీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని, నాకంటూ ఒక బల్ల, ఒక కుర్చీ. మొగుడు పోయిన పదిహేను రోజులకే నాకు ఆ ఆశ పుట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మా వాడు ఇప్పుడు సీనియర్ అసిస్టెంటు. వాడు పొద్దున క్యారియరు పట్టుకుని పోతావుంటే చూస్తా ఉంటా. కట్టింది నేనే, ఆ క్యారియరు."

"వాడికి తెలుసా?"

"ఎట్లా తెలుస్తాది? నా పింఛను పడే ఏటీఎం కార్డు కూడా వాడి దగ్గరే ఉండాది. తీసుకోలేదు వాడు. నేనే ఇచ్చినా. అప్పట్లో ఏదీ నా చేతిలో పెట్టుకోవాలనిపించలేదు."

నేను కూడా ఓదార్చలేదు. ముందు రోజు ఆమె నాకు నేర్పింది అదే. ఏ ఆఫీసులో చేరాలనుకున్నావమ్మా అనడిగాను. చెప్పింది, ఏ సెక్షన్‌లో అయితే బాగుండేదో కూడా చెప్పింది. తిరుగుదారి మొత్తం ఆ లేని ఉద్యోగం గురించే మాట్లాడుకున్నాం. ఆమె అంత గలగలా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

ఆమె వీధి మలుపు దగ్గర విడిపోయాం. అక్కడే విడిపోతాం ఎప్పుడూ. ఆ వీధిలోకి కలిసి పోలేదు.

శుక్రవారం

ఆమె రాలేదు. మలుపు దగ్గర కాసేపు చూసి ఒక్కణ్ణే నడిచాను. నంది సర్కిల్ దాటాక తెలిసినతను ఒకడు స్కూటరు ఆపి, "ఏమన్నా, ఈ రోజు ఒంటరిగా ఉండావే," అని నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఆమె ఎందుకు రాలేదో అర్థమైంది.

సాయంత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది. "రేపు మెట్లెక్కుదాం సార్. ఐదుకు అలిపిరి."

శనివారం

అలిపిరి మెట్లదారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. కష్టమంతా మొదటి సగంలోనే ఉంది. పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు, దాదాపు ఆగకుండా పైకే. తొందరపడి ఎక్కినవాళ్ళు అక్కడే కూలబడతారు. మా వయసువాళ్ళయితే మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కాలి. మాట ఆగిపోయి ఒట్టి ఊపిరే మిగిలితే కూర్చోవాలి. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా ఇంక పైకి కాదు, అక్కడున్న సిబ్బందిని పిలవాలి. 2023లో ఈ దారిలో చిరుత దాడికి ఒక చిన్నపిల్ల చనిపోయింది. అప్పటినుంచి గుంపులుగానే పొమ్మంటున్నారు. మేము కర్ణాటక నుంచి వచ్చిన ఒక గుంపు వెనకాల బయల్దేరాం.

మొక్కున్న ఆడవాళ్ళు ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ నడుం వంచి ఎక్కుతున్నారు. ఒక పెద్దావిడకు కుంకుమ పొట్లం జారిపడితే ఆమె తీసి ఇచ్చింది. ఆ పెద్దావిడ ఆమె నుదురు వైపు చూడనేలేదు. "నువ్వూ రెండు మెట్లు పెట్టమ్మా, నా నడుం పోతా ఉండాది," అంది. ఆమె రెండు కాదు, గాలిగోపురం కనబడేదాకా పెట్టింది.

గాలిగోపురం దాటాక దారి చదునవుతుంది. రెండు పక్కలా అడవి, అక్కడక్కడా టీ కొట్లు, జింకలు. అక్కడ చెప్పింది, నిన్న ఏం జరిగిందో.

"ఎవరో మా వాడి చెవిన వేసినారు. 'అమ్మా, జనం ఏమనుకుంటారు' అన్నాడు. గట్టిగా కూడా అనలేదు పాపం. నేను ఆ ఉద్యోగం సంగతి చెప్పినా వాడికి. ఇన్నేండ్ల తర్వాత. మీకు చెప్పినాక నోరు తిరిగింది నాకు. వాడు చానాసేపు మాట్లాడలేదు. లోపలికి పోయి ఏటీఎం కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి ఆఫీసుకు పోయినాడు."

ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర కూర్చున్నాం. ఇక్కడ నుంచి మెట్లదారి పాత ఘాట్ రోడ్డు పక్కనే పోతుంది. 1944లో వేసిన రోడ్డు అది. 1974లో రెండోది వచ్చాక పైకి కొత్తదాని మీద పోయి, దీని మీద కిందికి దిగుతున్నాం. బ్రేకు మీద కాలు పెట్టి, కింది గేరులో, ఈ మలుపుల్లో కొన్ని వేలసార్లు దిగి ఉంటాను. ఈ గట్టు మీద కూర్చున్న మనుషులు బస్సులోంచి ఒక్క క్షణం కనబడేవాళ్ళు. ఇప్పుడు బస్సు నాకు ఒక్క క్షణం కనబడి పోతోంది.

ఇంక అడగాలనిపించింది.

"అమ్మా, ఒక మాట. మనం ఇట్లా దాచుకుని నడిచే బదులు..."

"పెళ్ళి సంగతా సార్?"

"ఆలోచన అయితే వచ్చింది. అబద్ధమెందుకు."

"నాకూ వచ్చింది," అంది. సిగ్గుపడకుండా, లెక్క చెప్తున్నట్టు చెప్పింది. "నాకొచ్చేది కుటుంబ పింఛను. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోతాది. ఏటా బతికుండామని పత్రం ఇచ్చేటప్పుడు, పెళ్ళి చేసుకోలేదని కూడా రాసివ్వాల. చేసుకుని అబద్ధం రాయలేను. తెలిస్తే తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు. మీకెంతొస్తాది?"

"మూడు వేల చిల్లర." మాది పీఎఫ్ పింఛను. ఆర్టీసీ వాళ్ళను ప్రభుత్వంలో కలిపింది 2020 జనవరిలో, నేను అంతకు ముందే దిగిపోయాను.

"దాంతో ఇద్దరం బతకలేం. కానీ సార్, పింఛను ఒక్కటే కాదు. అది చెప్పి తప్పించుకుంటే మీకు అబద్ధం చెప్పినట్టు. ఇంకొక మనిషికి వేళకు వండి, మాత్రలు చేతిలో పెట్టి, వాళ్ళ కోసం నా కాగితాల మీద సంతకాలు పెట్టే బతుకు నాకు మళ్ళీ వద్దు. మీరు మంచివాళ్ళు. అయినా వద్దు."

నా లోపల బిగుసుకుని ఉన్నదేదో వదిలింది. నాకూ అదే. ఇంకొక చెయ్యి పట్టుకుని అదురు ఉందా లేదా అని రోజూ చూసుకునే ధైర్యం నాకు లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపింది.

"మాట్లాడుకునేది మాత్రం నాకు కావాల," అంది.

"నాకూ."

అక్కడ కూర్చునే కొన్ని సంగతులు తేల్చుకున్నాం. నా ఫోనులో ఆమె కొడుకు నంబరు, ఆమె ఫోనులో మా అమ్మాయి నంబరు ఎక్కించుకున్నాం. నడకలో ఎవరికేమైనా రెండోవాళ్ళు చెయ్యాల్సింది ముందు అంబులెన్సుకు, వెంటనే పిల్లలకు ఫోను. నా బీపీ మాత్రల పేరు ఆమె రాసుకుంది, ఆమెకు పడని ఇంజెక్షను పేరు నేను రాసుకున్నాను. ఒకరికొకరు డబ్బు అప్పు ఇచ్చుకోకూడదు, జామీను అసలే ఉండకూడదు. ఆ చివరిది ఆమె పెట్టిన షరతు. రాత్రికి అమ్మాయికి ఫోను చేసి ఈ నడక సంగతి నేనే చెప్తానన్నాను. ఇంకొకరి నోటి నుంచి వినే ముందు నా నోటితో వింటే మంచిది.

మోకాళ్ళ మెట్టు దగ్గర మెట్లు మళ్ళీ నిట్టనిలువు. కొందరు మోకాళ్ళ మీదే ఎక్కుతారు. మేము కడ్డీ పట్టుకుని ఎక్కాం, పది మెట్లకోసారి ఆగుతూ. పైన ఎండ వచ్చేసింది. దర్శనం టికెట్టు లేదు, అందుకోసం పోలేదు కూడా. మహాద్వారం ఎదురుగా దండం పెట్టుకుని, అన్నప్రసాదం భవనంలో భోంచేసి, బస్సెక్కాం. డ్రైవరు కుర్రవాడు. రెండు మలుపులు తిరిగేసరికే చెయ్యి తిరిగినవాడని తెలిసింది, తర్వాత నేను రోడ్డు చూడలేదు.

బస్టాండులో దిగాక ఆమె చీర కుచ్చిళ్ళకు అంటిన పసుపు దులుపుకుంటూ అంది:

"సోమవారం నుంచి మా ఇంటి ముందరికే రండి సార్. ఆ మలుపులో నిలబడేదేమీ వద్దు. మా వాడికి చెప్పినా."

"ఎన్ని గంటలకు?"

"ఐదుంబావుకు. ఆలస్యం చేస్తే నేనే మీ ఇంటికొచ్చి పిలుస్తా."